పదకొండింటికి ఫోన్ మోగకూడదు

ప్రతి నెలా 14వ తేదీ దాటిందంటే పన్ను లెక్కలు చూసే ఆఫీసుల్లో ఒకటే హడావిడి. ఆ రోజు జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి అనే పట్టిక తయారవుతుంది. మన వ్యాపారికి సరుకు అమ్మినవాళ్ళు తమ రిటర్నుల్లో ఏయే బిల్లులు చూపించారో అందులో ఉంటుంది. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి సాధారణంగా 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బి దాఖలు చేయాలి. ఈ మధ్య దొరికే ఐదారు రోజుల్లో అకౌంటెంటు 2బిలోని బిల్లులను, దుకాణం కొనుగోలు రిజిస్టరును పక్కపక్కన పెట్టుకుని సరిచూడాలి.

చెప్పడానికి తేలిగ్గానే ఉంటుంది. చేసేటప్పుడే తెలుస్తుంది. మన రిజిస్టరులో 'కేఎం/045' అని ఉన్న బిల్లు అక్కడ వట్టి '45' అని కనిపిస్తుంది. ఒకరు పైసలు సవరించి రూపాయల్లోకి తెస్తారు, ఇంకొకరు తేరు. ఒక సప్లయర్ ఆలస్యంగా అప్‌లోడ్ చేస్తాడు, ఆ బిల్లు వచ్చే నెల పట్టికలోకి పోతుంది. మరొకడు మన జీఎస్టీ నంబరులో ఒక అక్షరం తప్పు కొడతాడు, బిల్లు అసలు కనిపించదు. వెనక్కిచ్చిన సరుకుకు రాసిన క్రెడిట్ నోటు ఏ బిల్లుకు చెందిందో వెతుక్కోవాలి. బిల్లు నంబరు, తేదీ, విలువ, పన్ను, ఏ నెలదన్న సంగతి, ఇన్నీ ఒకేసారి తలలో ఉంచుకుంటేగాని తేడా ఎక్కడుందో దొరకదు. ఎవరైనా పిలిస్తే అవన్నీ జారిపోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది.

మరి ఈ పనిని రోజులో ఎప్పుడు చేస్తున్నారు? చాలా ఆఫీసుల్లో సాయంత్రం, "అందరూ వెళ్ళాక ప్రశాంతంగా కూర్చుందాం" అనుకుని. పొద్దున్నంతా ఫోన్లు, ఓటీపీలు, వచ్చేపోయే క్లయింట్లు. ప్రశాంతత దొరికేది అప్పుడే, నిజమే. కానీ చుట్టూ సద్దుమణిగినంత మాత్రాన బుర్ర పదునెక్కదు. అన్నిటికన్నా కష్టమైన పనిని బుర్ర బాగా పనిచేసే గంటకు జరపడం, ఆ గంటకు కాపలాగా రిమైండర్లను అమర్చుకోవడం ఎలాగో ఈ పని మీదే చూద్దాం. మీ కష్టమైన పని కోర్టు డ్రాఫ్టు కావచ్చు, కోడింగ్ కావచ్చు, పోటీపరీక్షల లెక్కలు కావచ్చు. పద్ధతి అదే.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. అలెగ్జాండర్ బోర్బెలీ అనే నిద్రా శాస్త్రవేత్త 1982లో ప్రతిపాదించిన ఒక నమూనాను ఆ రంగంలో ఇప్పటికీ ఆధారంగా వాడుతున్నారు. దాని ప్రకారం మన చురుకుదనాన్ని రెండు శక్తులు నడిపిస్తాయి. మొదటిది, మేలుకున్న క్షణం నుంచి గంటగంటకూ పేరుకుపోయే నిద్ర ఒత్తిడి. నిద్రపోతేనే అది దిగుతుంది. రెండోది మెదడులోని జీవగడియారం. వెలుతురును బట్టి తన సమయాన్ని సరిచేసుకుంటూ దాదాపు 24 గంటలకొక చుట్టు తిరుగుతుంది. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది.

పొద్దున నిద్ర ఒత్తిడి తక్కువగా ఉంటుంది, గడియారం చురుకుదనాన్ని పైకి లాగుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఒత్తిడి పెరుగుతుంది కానీ గడియారపు ఊపు ఇంకా దాన్ని పూర్తిగా అందుకోదు. అందుకే ఆ కునుకుపాటు. భోజనాన్ని తప్పుపడతాం గానీ, భోజనం చేయనివాళ్ళలోనూ ఈ దిగుడు కనిపిస్తుంది. పప్పూ నెయ్యీ దట్టిస్తే మరింత కిందికి దిగుతుంది, అంతే తేడా. సాయంత్రానికి గడియారం మళ్ళీ ఊపందుకుంటుంది. ఐదారు గంటలకు 'మళ్ళీ ఓపిక వచ్చింది' అనిపించడానికి కారణం అదే. ఇక పొద్దున లేచిన వెంటనే పావుగంట, అరగంట, కొందరికి ఇంకా ఎక్కువ సేపు ఉండే మత్తు వేరే లెక్క. ఆ మత్తులో చేసే పని సొంత మెలకువతో చేసినట్టు కాదు.

ఈ ఎత్తుపల్లాలు అందరికీ ఒకే వేళకు రావు. కొందరికి ఉదయం ఏడింటికే బుర్ర వెలుగుతుంది, కొందరికి పదకొండు దాటాలి, కొందరికి రాత్రి తొమ్మిదికి. 1976లో హార్న్, ఆస్ట్‌బెర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని తేల్చడానికి 19 ప్రశ్నల పత్రం తయారుచేశారు, అది నేటికీ వాడుకలో ఉంది. మ్యూనిక్ పరిశోధకుడు టిల్ రోనెబెర్గ్ ఇంకా సులువైన దారి పట్టాడు. సెలవురోజున అలారం లేకుండా పడుకుని లేచినప్పుడు ఆ నిద్రకు నడిమి వేళ ఏది? పదకొండుకు పడుకుని ఏడుకు లేస్తే మూడు. ఒంటిగంటకు పడుకుని తొమ్మిదికి లేస్తే ఐదు. మొదటివారి గడియారం రెండోవారికన్నా రెండు గంటలు ముందుంటుంది. కాబట్టి ఎవరో పుస్తకంలో రాసిన 'ఐదింటికి లేవండి' సలహా రెండోవారికి పనికిరాదు.

ఇవి గంటను సుమారుగా చూపిస్తాయి. అసలు గంట తెలియాలంటే పనిలోనే కొలవాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. 'ఎప్పుడు హుషారుగా ఉంది' అని తమను తాము అడుగుతారు. హుషారు నమ్మదగ్గ సాక్షి కాదు. కాఫీ తాగాక వస్తుంది, పక్కవాళ్ళు జోకు వేస్తే వస్తుంది. అడగాల్సింది 'ఎప్పుడు తక్కువ తప్పులు చేశాను' అని.

గుంటూరులో ఒక ట్యాక్స్ ఆఫీసులో పనిచేసే అకౌంటెంటును ఉదాహరణకు ఊహించుకుందాం. ఆమె పాత నెలల ఫైళ్ళలోంచి, జవాబు ముందే తెలిసిన బిల్లులను ఇరవై చొప్పున కట్టలుగా తీసిపెట్టుకుంది. రోజుకు రెండు వేళల్లో ఒక్కో కట్ట సరిచూడాలి, ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్ని తప్పాయో రాయాలి. వేళలు ఐదు: తొమ్మిదిన్నర, పదకొండు, మూడు, నాలుగున్నర, ఆరు. రోజూ ఒకే క్రమంలో చేస్తే చెయ్యి తిరిగి చివరి వేళలు మెరుగ్గా కనిపిస్తాయి కాబట్టి ఒకరోజు పదకొండు-ఆరు, ఇంకోరోజు మూడు-తొమ్మిదిన్నర, ఇలా కలగాపులగం చేసుకుంది. కాఫీ ఎప్పటిలాగే ఒకే వేళకు తాగింది. రాత్రి నిద్ర చాలని రోజు లెక్కను పక్కన పడేసింది, ఎందుకంటే ఆ రోజు కనిపించేది గడియారం కాదు, నిద్ర బాకీ. రెండు పనివారాలు గడిచేసరికి ఒక్కో వేళకు నాలుగేసి కొలతలు వచ్చాయి.

ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. పదకొండింటికి సగటున కట్టకు పన్నెండు నిమిషాలు, రెండు కట్టలకు ఒక తప్పు. మూడింటికి పదహారు నిమిషాలు, కట్టకు మూడు తప్పులు. ఇందులో వింతేమీ లేదు. ఆరింటి లెక్కే చూడదగ్గది. పదకొండు నిమిషాలే పట్టింది, అంటే అన్నిటికన్నా వేగం. తప్పులు మాత్రం కట్టకు రెండు. సాయంత్రమే తన పని బాగా సాగుతుందని ఆమె ఇన్నాళ్ళూ నమ్మింది వేగాన్ని చూసి. ఇంటికి వెళ్ళే తొందర, ఖాళీ ఆఫీసు, గడియారపు సాయంత్రపు ఊపు కలిసి చెయ్యిని పరిగెత్తించాయి, కన్ను వెనకబడింది. అలా జారిన తప్పును మర్నాడు వెతకడానికి పట్టే సమయం ఆ ఒక్క నిమిషం ఆదాకు ఎన్ని రెట్లో చెప్పక్కర్లేదు. రాని క్రెడిట్‌ను తీసుకుని వాడేస్తే తర్వాత 18 శాతం వడ్డీతో కట్టాల్సి రావచ్చు కూడా.

వేగం, తప్పులు రెండూ కలిపి చూస్తే ఆమె పదును గంట పదకొండు, అటూ ఇటూ కాస్త. గంటన్నర చాలు. నాలుగు గంటలు తీరిక దొరికినా ఇంత గట్టి ఏకాగ్రతను అంతసేపు లాగడం కష్టమే. 

ఇప్పుడు ఆ గంటన్నరలో ఏ పని పెట్టాలి? పెద్ద పని, చిరాకు పని, కష్టమైన పని, మూడూ ఒకటి కావు. మూడు వందల బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం పెద్ద పనే, చేతులు నొప్పెడతాయి, కానీ మధ్యలో ఆపి మళ్ళీ అందుకోవచ్చు. బాకీల కోసం ఫోన్లు చేయడం చిరాకు పని. నేను వాడే గీటురాయి ఇది: సగంలో ఎవరైనా లేపితే, తిరిగి ఆపినచోటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఏ పనికి ఎక్కువ పడుతుందో అదే ఆ గంటకు తగినది. ఈ గీటురాయికి ఒక ఆధారం ఉంది. ఒక పని ముగియకుండానే ఇంకోదానికి మారితే, మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, దాంతో కొత్త పని దెబ్బతింటుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపింది. ఇక ఆమెకు మిగతా పనులన్నీ మధ్యాహ్నానికి పోతాయి, సరిచూడటం పదకొండింటికి వస్తుంది.

చిక్కేమిటంటే, క్లయింట్లకు తీరిక దొరికేది కూడా సరిగ్గా పదకొండింటికే. దుకాణం తెరిచి, ఊడ్చి, దీపం పెట్టి, మొదటి బేరం అయ్యాక ఆడిటరుగారి ఆఫీసు గుర్తొస్తుంది. ఇక్కడ అలారం కన్నా ముందు మనిషితో మాట్లాడాలి.

"సార్, పదిహేను నుంచి పంతొమ్మిది దాకా పదకొండు నుంచి పన్నెండున్నర నన్ను వదిలేయండి. ఫోన్లు ఎవరైనా తీసి రాసిపెడితే చాలు."

"క్లయింట్లు ఊరుకోరమ్మా."

"పన్నెండున్నరకి నేనే చేస్తానని చెప్పండి సార్. చెప్పిన టైముకి చేస్తే ఊరుకుంటారు."

నెలంతా అడిగితే ఏ యజమానీ ఒప్పుకోడు. ఐదు రోజులకు, తిరిగి ఫోన్ చేసే వేళ చెప్పి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇక రిమైండర్లు. మనకు అలవాటైన పద్ధతి, పని మొదలుపెట్టాల్సిన క్షణాన ఫోన్ మోగేలా పెట్టుకోవడం. అది మోగేసరికి మనం వేరే పనిలో ఉంటాం, 'ఐదు నిమిషాలు' అని నొక్కేస్తాం. కష్టమైన పనికి ఇది అస్సలు నప్పదు, ఎందుకంటే దాని ముందు ఏర్పాట్లు చాలా ఉంటాయి. పొలానికి కంచె వేసినట్టు రిమైండర్లు గంటకు చుట్టూ ఉండాలి, లోపల కాదు.

మొదటిది ముందురోజు సాయంత్రం ఐదు ముప్పావుకు. అందులో ఆమె రాసుకున్నది: '2బి డౌన్‌లోడ్ చెయ్యి, రిజిస్టర్ ఎక్సెల్‌లోకి తియ్యి, రేపు మొదట చూసే సప్లయర్ పేరు కాగితం మీద రాసి కీబోర్డు కింద పెట్టు.' గడువు దగ్గరపడే కొద్దీ పోర్టల్ నెమ్మదిస్తుందని ఈ పని చేసే ఎవరినడిగినా చెబుతారు. పదును గంటలో ఇరవై నిమిషాలు గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ కూర్చుంటే ఇన్నాళ్ళ కొలతలూ దండగ. డౌన్‌లోడుకు బుర్ర అక్కర్లేదు కాబట్టి అది సాయంత్రం పనే.

రెండోది పదిన్నరకు. 'జీఎస్టీ' అని ఒక్క మాట రాస్తే అది మోగుతుంది గానీ ఏమీ చెప్పదు. అందుకని చేయాల్సిన కదలికే రాసింది: 'కొత్త కాల్ మొదలుపెట్టకు. నీళ్ళ సీసా నింపు. ఫైలు తెరువు.' నిజానికి మోగే అలారం కన్నా కళ్ళెదుట జరిగే సంగతిని గుర్తుగా పెట్టుకుంటే ఇంకా బాగా పనిచేస్తుంది. గంటను చూసి గుర్తుంచుకోవడం కన్నా ఒక సంఘటన చూసి గుర్తుతెచ్చుకోవడం మనిషికి తేలికని ఐన్‌స్టైన్ (భౌతికశాస్త్రపు ఐన్‌స్టైన్ కాదు, మనస్తత్వ పరిశోధకుడు), మెక్‌డేనియల్ జంట 1990 నుంచి చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. 'పదకొండింటికి మొదలుపెడతాను' అన్నదాని కన్నా, 'టీ కుర్రాడు గ్లాసులు తీసుకెళ్ళగానే ఫైలు తెరుస్తాను' అన్నది గట్టి ముడి. టీ కుర్రాడు రాని రోజుకు అలారం ఉండనే ఉంది.

పదకొండు నుంచి పన్నెండున్నర వరకు ఏదీ మోగకూడదు. సైలెంటులో పెట్టి బల్ల మీద ఉంచితే చాలదా అంటారు. చాలదు, అది వణుకుతుంది. ఫోన్ మోగినా, వణికినా, తీసి చూడకపోయినా సరే, చేస్తున్న పనిలో తప్పులు పెరుగుతాయని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించారు. ఎవరయ్యుంటారన్న ఆలోచనే చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్లో Do Not Disturb అనే ఏర్పాటుకు వేళలు పెట్టుకోవచ్చు. ఇందులో ఒక మెలిక తెలుసుకోవాలి. అది మొదలయ్యాక క్యాలెండర్ యాప్ గుర్తుచేసేవి కూడా, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, నిశ్శబ్దంగా వచ్చిపోతాయి. గడియారం యాప్‌లోని అలారాలు మాత్రం సాధారణంగా మోగుతాయి. కాబట్టి గంట ముగిసిందని చెప్పే గుర్తును క్యాలెండర్‌లో కాక అలారంగా పెట్టుకోవాలి. ఇంట్లో చంటిపిల్లలో, పెద్దవాళ్ళో ఉన్నవారికి భయం సహజం. వాళ్ళ నంబర్లకు మినహాయింపు ఇవ్వచ్చు. అదే మనిషి పదిహేను నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగేలానూ పెట్టుకోవచ్చు. బడి నుంచి వచ్చే ఫోన్ ఆగదు, లోన్ కావాలా అనే ఫోన్ ఆగుతుంది.

లోపలి నుంచి మోగేవాటి సంగతి? పని మధ్యలో 'అయ్యో, కరెంటు బిల్లు' అని గుర్తొస్తుంది. దానికి ఫోన్ తీసి రిమైండర్ పెట్టబోతే ఇక అంతే, వాట్సాప్ కనబడుతుంది. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని 'కరెంటు బిల్లు, ఒంటిగంటకు' అని రాసేస్తే సరి. ఎప్పుడు చేస్తామో తేల్చుకుంటే చాలు, పని పూర్తికాకపోయినా మనసు దాన్ని మాటిమాటికీ పైకి తేవడం మానేస్తుందని మసికాంపో, బామైస్టర్ 2011లో చూపించారు. వేళ రాయడం మరిచిపోకూడదు.

చివరిది పన్నెండున్నర అలారం. ఇది పని ఆపడానికి మాత్రమే కాదు. ఆపేముందు, 'ఫలానా సప్లయర్ నాలుగో బిల్లు దగ్గర ఆగాను, క్రెడిట్ నోటు కోసం అడగాలి' అని ఒక వాక్యం రాయించడానికి. మర్నాడు ఆ వాక్యం దగ్గరే కూర్చుంటే పది నిమిషాలు మిగులుతాయి. ఆపైన పన్నెండూ ముప్పై ఐదుకు ఫోన్లు. బాకీల గుర్తులు, చలాన్లు, ఓటీపీలు అడగడం, ఇంటి సామాన్లు, అన్నిటి రిమైండర్లూ మూడింటికి ఒక్క కట్టగా. మధ్యాహ్నపు దిగుడులో వాటికి కొరత రాదు.

ఇది ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా అలారాల దగ్గరే. నెల తిరిగేసరికి పదిన్నర అలారాన్ని చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. ఇందాక మోగింది ఏమిటని అడిగితే చెప్పలేకపోతే, ఆ రిమైండర్ చచ్చిపోయినట్టే. మాటలు మార్చాలి, లేదా టీ గ్లాసుల లాంటి గుర్తుకు మళ్ళాలి. అలాంటివి పది పెట్టుకున్నవారికి అన్నీ చస్తాయి. నాలుగు దాటకుండా చూసుకోవడం మంచిది. ఇంకోటి, గంట జరుగుతుంది. ఆదివారాలు పదింటిదాకా పడుకునేవారి గడియారం వెనక్కి జరిగి సోమవారం పదకొండు ఆమెకు తొమ్మిదిన్నరలా అనిపించవచ్చు. ఉపవాసాలు, పెళ్ళిళ్ళ రాత్రులు, రంజాన్ నెల కూడా మారుస్తాయి. పదును గంటలో వరుసగా మూడు నాలుగు రోజులు తప్పులు పెరిగితే క్రమశిక్షణ లేదని తిట్టుకోకుండా, ముందు నిద్ర లెక్క చూడాలి, తర్వాత కట్టలు తీసి మళ్ళీ కొలవాలి.

గంట తన చేతిలో లేనివారు చాలామంది ఉన్నారు. అమెరికా టీముతో రాత్రి కాల్స్ ఉన్న హైదరాబాద్ ఇంజనీర్లకు, వారంవారం మారే షిఫ్టుల నర్సులకు ఈ పద్ధతి ఇలాగే సరిపోదు. షిఫ్టు మారిన మొదటి రోజుల్లో గడియారం ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో కష్టమైన పనిని పెట్టుకోకపోవడమే మేలు. చంటిబిడ్డ తల్లికి గంటన్నర అనడం ఎగతాళి. బిడ్డ పడుకున్న అరగంటకు కాగితం కీబోర్డు కింద సిద్ధంగా ఉంటే కొంత నయం.

మన ఇళ్ళలో ఈ సంగతి అన్నిటికన్నా ఎక్కువగా పట్టాల్సింది ఇంటర్ చదివే పిల్లలకు. 'తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుంది' అని నాలుగింటికి లేపుతాం, చాలా హాస్టళ్ళూ అదే చేస్తాయి. రాత్రి ఎనిమిదిన్నరకు పడుకునే కాలంలో, పెద్దవాళ్ళకు అది సరిపోయి ఉండవచ్చు. కౌమారంలో జీవగడియారం వెనక్కి జరుగుతుంది, ఇరవై ఏళ్ళ దరిదాపుల్లో అందరికన్నా ఆలస్యంగా నడుస్తుంది. పదకొండుకు పడుకున్న పదిహేడేళ్ళ పిల్లవాడికి నాలుగు అంటే అర్ధరాత్రే, శరీర ఉష్ణోగ్రత రోజులోకెల్లా అట్టడుగున ఉండే వేళ. అప్పుడు కఠినమైన లెక్కలు చేయించి, 'ఎంత చదివినా ఎక్కట్లేదు' అని బాధపడతాం. ఒక్క వారం, ఒకే స్థాయి లెక్కల కట్టలను నాలుగింటికి, ఉదయం తొమ్మిదింటికి, సాయంత్రం ఆరింటికి చేయించి తప్పులు లెక్కపెట్టండి. తేడా కనబడితే ఆ కాగితాన్ని వార్డెన్‌కు చూపించండి. అయితే రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ పరీక్ష ఉదయం తొమ్మిదికి మొదలవుతుంది. రాత్రి పదును ఉన్న పిల్లలకు పరీక్షకు కనీసం రెండు మూడు వారాల ముందు నుంచి పడుకునే వేళను రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరిపి, పొద్దున్నే ఎండలో కాసేపు నడిపించి, కష్టమైన లెక్కలను తొమ్మిది గంటలకు చేయించడం మొదలుపెట్టండి.